వడ్డీ లేని అరువు, డాలర్లలో

2022 జూలై 19న డాలరు విలువ మొదటిసారి 80 రూపాయలు దాటింది. అంతకు ఏడు నెలల కిందట, 2021 డిసెంబరు ఆఖరులో, అదే డాలరు డెబ్బై నాలుగు రూపాయల చిల్లరకు దొరికేది. మధ్యలో చాలా జరిగాయి. ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదికి దండెత్తింది, ముడి చమురు ధర మండిపోయింది, మార్చిలో అమెరికా ఫెడరల్ రిజర్వు వడ్డీ రేట్లు పెంచడం మొదలుపెట్టింది, విదేశీ మదుపరులు మన షేర్లు అమ్ముకుని డాలర్లు పట్టుకుపోయారు. రూపాయి జారుతూ పోయింది.

ఆ నెలల్లో కొందరు దిగుమతిదారులకు వింత అనుభవం ఎదురైంది. సరుకు సవ్యంగానే వచ్చింది, మంచి ధరకే అమ్ముడైంది, కొన్నవాళ్లు డబ్బు కూడా కట్టేశారు. అయినా చివరికి లెక్క చూసుకుంటే నష్టం. ఆ నష్టం సరుకులో రాలేదు, సప్లయరు ఇచ్చిన గడువులో వచ్చింది.

విదేశీ సప్లయరు అయిదారు నెలల గడువు ఇచ్చి, దానికి వడ్డీ అడగకపోతే వ్యాపారికి అది వరంలా కనిపిస్తుంది. బ్యాంకు క్యాష్ క్రెడిట్ మీద వడ్డీ కట్టే పని తప్పుతుంది కదా. కానీ ఆ బిల్లు డాలర్లలో ఉన్నప్పుడు అతను ఒకేసారి రెండు బేరాలు చేస్తున్నాడు. ఒకటి సరుకు కొనడం, రెండోది డాలర్లు అప్పు తీసుకోవడం. మొదటి బేరంలో అతనికి అనుభవం ఉంది. రెండోది చేస్తున్న సంగతి చాలాసార్లు అతనికే తెలియదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జీడిమెట్ల పారిశ్రామికవాడలోని మందుల కంపెనీలకు రసాయనాలు అమ్మే చిన్న వ్యాపారి ఒకాయన ఉన్నాడనుకోండి. చైనాలోని సప్లయరు దగ్గర లక్ష డాలర్ల సరుకు కొన్నాడు. 2022 ఫిబ్రవరి 1న షాంఘైలో సరుకు ఓడ ఎక్కింది. జూలై 15న డబ్బు కట్టాలి. అంటే 164 రోజుల గడువు. ఓడ ఎక్కిన నాటి నుంచి ఆరు నెలల్లోపు దిగుమతి డబ్బు చెల్లించాలన్నది అప్పటి రిజర్వు బ్యాంకు నియమం, ఈ గడువు దాని పరిధిలోనే ఉంది. మనిషి ఊహించినదే కానీ, డాలరు ధరలు ఆనాటి మార్కెట్టుకు దగ్గరగా, లెక్కకు వీలుగా సర్దినవి. ఫిబ్రవరి 1న 74 రూపాయల 80 పైసలు, మార్చి 31న 75.81, జూలై 15న 79.90.

ముందు తేలాల్సింది తేదీ. ఈ కొనుగోలును పుస్తకాల్లో ఏ రోజు ధరకు రాయాలి? ఇన్‌వాయిస్ మీద ఒక తేదీ ఉంటుంది, ఓడ కంపెనీ ఇచ్చిన బిల్ ఆఫ్ లేడింగ్ మీద ఇంకొకటి ఉంటుంది, కస్టమ్స్‌కు సమర్పించే బిల్ ఆఫ్ ఎంట్రీ మీద మరొకటి. సరుకు గోడౌన్‌కు చేరిన తేదీ ఇంకా వేరు. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ రూపొందించిన అకౌంటింగ్ స్టాండర్డ్ 11 ప్రకారం లావాదేవీ జరిగిన రోజు ధరకే రాయాలి. లావాదేవీ జరిగిన రోజంటే సరుకు తాలూకు లాభనష్టాల బాధ్యత అమ్మినవాడి నుంచి కొన్నవాడికి మారిన రోజు. ఎఫ్ఓబీ ఒప్పందాల్లోనూ, సీఐఎఫ్ ఒప్పందాల్లోనూ సరుకు ఓడ ఎక్కగానే ఆ బాధ్యత మారుతుంది. అందుకని మన వ్యాపారికి సరైన తేదీ బిల్ ఆఫ్ లేడింగ్ మీద ఉన్న ఫిబ్రవరి 1. ఆ రోజు అతని పుస్తకంలో కొనుగోలు 74 లక్షల 80 వేలు, సప్లయరుకు ఇవ్వాల్సిన బాకీ కూడా అంతే.

తెలియక చాలామంది పొరపాటు పడేది సరిగ్గా ఇక్కడే. సరుకు ముంబై దగ్గరి నావ శేవా రేవులో దిగి, రైల్లో సనత్‌నగర్ కంటైనర్ డిపోకు వచ్చేసరికి మార్చి మొదటి వారం అయింది. అక్కడ దాఖలు చేసిన బిల్ ఆఫ్ ఎంట్రీలో డాలరు ధర వేరే ఉంటుంది, 76 రూపాయలనుకుందాం. అది కస్టమ్స్ శాఖ సుంకం లెక్కకట్టడానికి ప్రకటించే ధర. ఆ రోజుల్లో నెలకు రెండుసార్లు, మొదటి, మూడో గురువారాల్లో నోటిఫికేషన్ ఇచ్చేవారు. 2024 జూలై నుంచి ఆ పని కంప్యూటర్ వ్యవస్థకు అప్పగించారు. బిల్ ఆఫ్ ఎంట్రీ సమర్పించిన నాటి ధర మీద సుంకం, ఐజీఎస్టీ తేలిపోతాయి. ఆ తర్వాత డాలరు ఎంత పెరిగినా, తగ్గినా ఆ పన్నుల లెక్క మారదు. ఆ ధర సుంకం కోసం మాత్రమే పుట్టింది.

అకౌంటెంటు చేతిలో ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం అదొక్కటే కనుక, కొనుగోలును కూడా ఆ ధరకే 76 లక్షలని ఎక్కించేస్తాడు. సరుకు ఖరీదు లక్షా ఇరవై వేలు ఎక్కువైంది, సప్లయరు బాకీ కూడా అంతే ఎక్కువైంది. మార్చి 31 లోపల సరుకంతా అమ్ముడైపోతే ఆ ఏడాది మొత్తం లాభం మారదు. సరుకు మీద లాభం కొంచెం తగ్గి, మారకం పద్దు అంతే మేర మెరుగ్గా కనిపిస్తుంది. సరుకు గోడౌన్‌లోనే ఉండిపోతే మాత్రం నిల్వ విలువ పెరిగి, రావాల్సిన మారకం నష్టం కనబడక, ఆ ఏడాది లాభం లక్షా ఇరవై వేలు ఎక్కువ తేలుతుంది. లెక్కలు చూసేవాళ్లు ఈ తప్పును పట్టుకునే పద్ధతి చాలా తేలిక. రూపాయల్లో ఉన్న బాకీని డాలర్లతో భాగించి, వచ్చిన ధర బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ ధరతో కలుస్తుందో లేదో చూస్తారు. నోటిఫికేషన్ ధరలన్నీ అయిదు పైసలకు సర్దిన అంకెలు కాబట్టి, పుస్తకంలో ప్రతి దిగుమతీ అలాంటి గుండ్రటి ధరతోనే ఉంటే అనుమానించాల్సిందే.

మన వ్యాపారి పుస్తకం సరిగ్గానే రాశాడనుకుందాం. మార్చిలోనే సరుకంతా అమ్మేశాడు. సుంకం, రవాణా, ఇతర ఖర్చులన్నీ పోను నాలుగు లక్షలు మిగిలాయి. కొన్నవాళ్లు కూడా డబ్బు కట్టేశారు. సంతోషం.

మార్చి 31 వచ్చింది. ఆ రోజు పుస్తకాలు ముగించేటప్పుడు అకౌంటెంటు డాలర్లలో ఉన్న పద్దులన్నిటినీ రెండు కుప్పలుగా విడదీయాలి. డబ్బు రూపంలో తీరాల్సినవి ఒక కుప్ప. సప్లయరు బాకీ, డాలరు అప్పు, విదేశీ కస్టమరు నుంచి రావాల్సిన సొమ్ము, డాలర్ల ఖాతాలోని నిల్వ అందులోకి వస్తాయి. వీటిని ఆ రోజు ధరకు తిరగరాయాలి. డబ్బు రూపంలో తీరనివి రెండో కుప్ప. కొన్న సరుకు, కొన్న యంత్రం వంటివి ఇందులో పడతాయి. వీటిని కొన్ననాటి ధర దగ్గరే వదిలేయాలి.

ఈ విభజన వెనుక తర్కం ఇదీ. సప్లయరుకు రేపు ఇవ్వాల్సింది లక్ష డాలర్లు, అది మారదు. మారేది ఆ లక్ష డాలర్లకు పట్టే రూపాయలు. కాబట్టి ఈ రోజు బాకీ ఎంతంటే ఈ రోజు ధరకే చెప్పాలి. సరుకు సంగతి అలా కాదు. అది ఒకసారి కొన్నాం, దాని ఖరీదు ఆ రోజే తేలిపోయింది. తర్వాత డాలరు పెరిగినంత మాత్రాన గోడౌన్‌లోని డ్రమ్ముల ఖరీదు పెరిగిందని రాసుకోవడానికి వీల్లేదు. చాలామంది వ్యాపారులకు ఇది మింగుడు పడదు. ‘సరుకు తెచ్చినందుకే కదా ఈ నష్టం, దాన్ని సరుకు ఖరీదులోనే కలిపేస్తే పోలా’ అని ఆడిటరును అడుగుతారు. కలపకూడదు. ఆ నష్టం సరుకు తెచ్చినందుకు రాలేదు, డబ్బు కట్టకుండా ఆగినందుకు వచ్చింది. ఫిబ్రవరి 1నే కట్టేసి ఉంటే ఒక్క పైసా కూడా పోయేది కాదు.

మార్చి 31 ధరకు, అంటే ఎఫ్‌బీఐఎల్ సంస్థ ప్రతి పనిరోజూ మధ్యాహ్నం ప్రకటించే రిఫరెన్స్ రేటుకు, లక్ష డాలర్ల బాకీ 75 లక్షల 81 వేలు అయింది. పెరిగిన లక్షా వెయ్యి రూపాయలు ఆ ఏడాది లాభనష్టాల ఖాతాలో మారకం నష్టంగా పడతాయి. నాలుగు లక్షల లాభం రెండు లక్షల 99 వేలకు దిగింది. వ్యాపారి పెద్దగా పట్టించుకోలేదు, పన్ను కట్టాడు. ఏప్రిల్ గడిచింది, మే గడిచింది. డాలరు 77 దాటింది, 78 దాటింది. జూలై 15న బ్యాంకుకు వెళ్లి లక్ష డాలర్లు కొంటే 79 లక్షల 90 వేలు పట్టింది. మార్చి 31న పుస్తకంలో ఉన్న బాకీ కన్నా నాలుగు లక్షల తొమ్మిది వేలు ఎక్కువ. అది కొత్త ఆర్థిక సంవత్సరం నష్టం.

మొత్తం కలిపితే మారకం నష్టం 5 లక్షల 10 వేలు, సరుకు మీద వచ్చిన లాభం నాలుగు లక్షలు. బేరం మొత్తం మీద లక్షా పది వేలు చేతి నుంచి పోయాయి. కానీ పుస్తకాలు అలా చెప్పవు. ఒక ఏడాది లాభమని, మరుసటి ఏడాది నష్టమని చెబుతాయి. మార్చి నాటి లెక్కలు చూసి, బాగా మిగిలిందన్న ధీమాతో అదే గడువుకు మరింత సరుకు ఆర్డరు చేసినవాళ్ల పరిస్థితి ఊహించుకోవచ్చు.

ఈ నష్టాన్ని వడ్డీగా చూస్తే అసలు రంగు బయటపడుతుంది. 74 లక్షల 80 వేల మీద 164 రోజులకు 5 లక్షల 10 వేలంటే ఏడాదికి దాదాపు 15 శాతం. తొమ్మిది శాతం వడ్డీకి బ్యాంకు దగ్గర అప్పు తీసుకుని, ఫిబ్రవరి 1నే డాలర్లు కొని కట్టేసి ఉంటే ఆ 164 రోజులకు వడ్డీ మూడు లక్షల రెండు వేలు అయ్యేది. వడ్డీ లేని అరువు రెండు లక్షలకు పైగా ఎక్కువ ఖరీదైంది.

అయితే రూపాయి ఎప్పుడూ పడుతూనే ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. 2017 జనవరి మొదట్లో 68 రూపాయలున్న డాలరు మార్చి 31 నాటికి 64.84కు దిగింది. ఆ జనవరిలో లక్ష డాలర్ల సరుకు తెచ్చుకుని బాకీ పెట్టినవాడికి మూడు నెలల్లో మూడు లక్షల పైచిలుకు లాభం. అప్పుడు వేరే చిక్కు వచ్చిపడుతుంది. బాకీ ఇంకా కట్టలేదు, చేతికి పైసా రాలేదు, అయినా మార్చి 31 నాటి లెక్క ప్రకారం అది లాభమే. దాని మీద పన్ను కట్టాలి. జూన్‌లో డాలరు మళ్లీ ఎగబాకితే ఆ నష్టాన్ని వచ్చే ఏడాది చూపించుకోవాలి తప్ప, కట్టిన పన్ను వెనక్కి రాదు.

కాగితం మీది లాభనష్టాలను పన్ను లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది చాలాకాలం తగాదాగా నడిచింది. డబ్బు కట్టకముందే చూపిన మారకం నష్టం ఊహాజనితమని, దాన్ని ఖర్చుగా ఒప్పుకోమని ఆదాయపు పన్ను శాఖ వాదించేది. 2009లో ఉడ్‌వర్డ్ గవర్నర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. మర్కంటైల్ పద్ధతిలో పుస్తకాలు రాసేవాళ్లు, అంటే డబ్బు చేతులు మారినా మారకపోయినా హక్కు, బాధ్యత పుట్టిన రోజే పద్దు రాసేవాళ్లు, సంవత్సరాంతానికి తేలిన మారకం నష్టాన్ని నిజమైన నష్టంగానే చూపవచ్చని చెప్పింది. పార్లమెంటు 2018లో ఆదాయపు పన్ను చట్టంలో 43ఏఏ సెక్షన్ చేర్చి, లాభమైనా నష్టమైనా ప్రకటిత పద్ధతిలోనే లెక్కించాలని తేల్చేసింది. ఈ వివాదంలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. నష్టాన్ని ఒప్పుకున్న తర్కమే లాభం మీద పన్నుకూ దారి తీస్తుంది. రూపాయి పడిన ఏడాది ఒక పద్ధతి, లేచిన ఏడాది మరో పద్ధతి పాటిస్తే అధికారి ముందు నిలబడదు.

కొన్నది రసాయనం కాకుండా యంత్రమైతే పన్ను లెక్క వేరు. విదేశం నుంచి తెచ్చిన యంత్రం తాలూకు మారకం తేడాను, డబ్బు నిజంగా కట్టినప్పుడు, యంత్రం ఖరీదులోనే కలపాలని 1961 చట్టంలోని 43ఏ సెక్షన్ చెబుతుంది. పుస్తకాల్లో ఏం చేయాలన్నది ఆ కంపెనీ ఏ అకౌంటింగ్ ప్రమాణాల కిందికి వస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. అది ఆడిటరుతో కూర్చుని తేల్చుకోవాల్సిన వ్యవహారం, ఇక్కడ తవ్వితే కథ దారి తప్పుతుంది.

అడ్వాన్సు సంగతి మాత్రం చెప్పుకోవాలి, ఎందుకంటే విదేశీ సప్లయర్లు చాలామంది మొదట కొంత సొమ్ము పంపితేనే సరుకు తయారు చేస్తారు. మన వ్యాపారి జనవరిలో ఇరవై వేల డాలర్లు అడ్వాన్సు పంపి ఉంటే, ఆ ఇరవై వేలు డబ్బుగా వెనక్కి వచ్చేవి కావు, సరుకుగా వచ్చేవి. కాబట్టి ఆ పద్దు రెండో కుప్పలోది. మార్చి 31న దాన్ని తిరగరాయకూడదు. సరుకులో ఆ ఇరవై వేల డాలర్ల భాగానికి అడ్వాన్సు పంపిన నాటి ధరే ఖరీదు, మిగతా ఎనభై వేలకు మాత్రమే ఫిబ్రవరి 1 ధర వర్తిస్తుంది. అడ్వాన్సును కూడా డాలరు పద్దే కదా అని సంవత్సరాంతంలో తిరగరాసి, లేని లాభం చూపించే పుస్తకాలు కొన్ని ఉంటాయి.

మన దగ్గర చిన్న వ్యాపారుల్లో చాలామంది వాడే టాలీలో ఈ తేడా కనిపించే చోటు ఒకటుంది. డాలర్లలో నమోదు చేసిన బాకీలు, చెల్లింపుల వల్ల వచ్చిన మారకం తేడాను ఆ ప్రోగ్రాం తనంతట తాను లాభనష్టాల్లో కలపదు. బ్యాలన్స్ షీట్‌లో `Unadjusted Forex Gain/Loss` అని ఒక వరుస చూపించి ఊరుకుంటుంది. జర్నల్ వోచరు రాసి దాన్ని సర్దాల్సింది అకౌంటెంటే. మార్చి ముగిశాక కూడా ఆ వరుసలో అంకె మిగిలి ఉంటే పని పూర్తి కాలేదన్నమాట. అసలు ఆ వరుసే ఎప్పుడూ రాకపోతే సంతోషించకూడదు. దిగుమతులున్న పుస్తకంలో అది రాలేదంటే బిల్లులను డాలర్లలో కాకుండా నేరుగా రూపాయల్లో ఎక్కించి ఉండవచ్చు. అప్పుడు తేడాలన్నీ బ్యాంకు ఖర్చుల్లోనో, సప్లయరు ఖాతాలో తెగని చిల్లరగానో మిగిలిపోతాయి.

పుస్తకాల్లో నష్టాన్ని సరిగ్గా రాయడం సరే, అసలు నష్టం రాకుండా చూసుకునే మార్గం లేదా? ఉంది. అది ఫార్వర్డ్ కాంట్రాక్ట్. జూలై 15న లక్ష డాలర్లు ఫలానా ధరకు ఇస్తామని బ్యాంకు ఫిబ్రవరి 1నే రాసిస్తుంది. ఆ రోజు మార్కెట్ ధర 74.80 అయితే బ్యాంకు 76.30 చెప్పిందనుకోండి. పైన వేసిన రూపాయిన్నరను ప్రీమియం అంటారు.

ఆ ప్రీమియం చూసి వ్యాపారులు, జూలైకి డాలరు 76.30 అవుతుందని బ్యాంకు జోస్యం చెబుతోందనుకుంటారు. అది జోస్యం కాదు. ఆ అంకె వడ్డీ రేట్ల తేడా నుంచి వస్తుంది. జూలైలో డాలర్లు ఇస్తానని మాటిచ్చిన బ్యాంకు, తన క్షేమం కోసం ఇప్పుడే డాలర్లు కొని పెట్టుకుంటుంది. వాటి మీద వచ్చేది తక్కువగా ఉన్న డాలరు వడ్డీ. కొనడానికి వాడిన రూపాయల మీద వదులుకునేది ఎక్కువగా ఉన్న రూపాయి వడ్డీ. ఆ తేడానే ప్రీమియంగా వసూలు చేస్తుంది. అమెరికాలో వడ్డీలు పెరిగినప్పుడు ఈ తేడా కుంచించుకుపోతుంది. 2022లో రూపాయి భయపెడుతున్న రోజుల్లోనే ఫార్వర్డ్ ప్రీమియం తగ్గుతూ రావడానికి కారణం అదే.

మన వ్యాపారి ఫిబ్రవరి 1న ఆ కాంట్రాక్ట్ తీసుకుని ఉంటే డాలరు ఎటు పోయినా అతని ఖర్చు లక్షన్నర దగ్గర ఆగేది. 164 రోజులకు లక్షన్నరంటే ఏడాదికి నాలుగున్నర శాతం లోపే, క్యాష్ క్రెడిట్ వడ్డీలో సగం. సప్లయరు ఇచ్చిన గడువు నిజంగా లాభసాటి అయ్యేది అప్పుడు! వడ్డీ లేని అరువును ఫార్వర్డ్‌తో కలిపి తీసుకుంటే అది చవకైన అప్పు. విడిగా తీసుకుంటే డాలరు మీద పందెం. ఆ పందెంలో గెలిచిన ఏడాదులూ ఉంటాయి. రూపాయి కదలకుండా కూర్చున్న కాలంలో ప్రీమియం కట్టినవాడికి దండగ అనిపిస్తుంది, కట్టనివాడు తెలివిగలవాడిలా కనిపిస్తాడు. అయిదు శాతం మార్జిను మీద నడిచే వ్యాపారం మాత్రం 2022 లాంటి ఏడాది ఒక్కటి తగిలినా తట్టుకోలేదు.

ఫార్వర్డ్ తీసుకున్నవాడి పుస్తకంలో ఆ లక్షన్నర ఒక్కసారే పడదు. అకౌంటింగ్ స్టాండర్డ్ 11 ప్రకారం ప్రీమియాన్ని కాంట్రాక్ట్ రోజుల మీద పరచాలి. 164 రోజుల్లో 58 రోజులు మార్చి 31 లోపల ఉన్నాయి కనుక సుమారు 53 వేలు మొదటి ఏడాదికి, 97 వేలు రెండో ఏడాదికి పోతాయి. సప్లయరు బాకీ మీద వచ్చే మారకం నష్టాన్ని కాంట్రాక్ట్ మీద వచ్చే లాభం సరిగ్గా కొట్టివేస్తుంది. ఇండ్ ఏఎస్ ప్రమాణాలు పాటించే పెద్ద కంపెనీలు కాంట్రాక్ట్‌ను ప్రతి ముగింపు తేదీన మార్కెట్ విలువకు లెక్కిస్తాయి. దారి వేరైనా, కాంట్రాక్ట్ ముగిసే నాటికి మొత్తం ఖర్చు అదే లక్షన్నర.

ఫార్వర్డ్‌తో వచ్చే ఇబ్బంది ఎక్కువగా తేదీ దగ్గర ఉంటుంది. సరుకులో నాణ్యత తగాదా వచ్చి చెల్లింపు ఆగిపోయినా, సప్లయరు కొంత తగ్గించి బిల్లు సవరించినా, బ్యాంకుతో చేసుకున్న ఒప్పందం మాత్రం లక్ష డాలర్లకే, జూలై 15కే. మిగిలిన డాలర్ల మేరకు రద్దు చేసుకోవాలి, లేదా పొడిగించుకోవాలి. రెండింటికీ ఆనాటి ధరే వర్తిస్తుంది, పైగా రుసుములు ఉంటాయి. అందుకే అనుభవమున్న దిగుమతిదారులు బిల్లు మొత్తానికి కాకుండా తగాదా రాదని నమ్మకమున్న మేరకే ఫార్వర్డ్ తీసుకుంటారు.

చివరి నిమిషందాకా ఆగి, డాలరు పరుగు చూసి కంగారుపడి కొనేవాళ్లే అన్నిటికన్నా ఎక్కువ చెల్లిస్తారు. 2013లో ఇది దేశమంతా కనిపించింది. బాండ్ల కొనుగోలు తగ్గించే ఆలోచన ఉందని ఫెడరల్ రిజర్వు చైర్మన్ బెన్ బెర్నాంకీ మే 22న అన్నప్పుడు డాలరు 55, 56 రూపాయల మధ్య ఉంది. ఆగస్టు 28న 68 దాటింది. డాలరు ఇంకా పెరుగుతుందన్న భయంతో దిగుమతిదారులు గడువుకు ముందే కొనడం, ఇంకా పెరిగాక అమ్ముదామని ఎగుమతిదారులు తమ డాలర్లు దాచుకోవడం, ఈ రెండూ కలిసి ధరను మరింత పైకి తోశాయి. ఆ రాత్రే రిజర్వు బ్యాంకు మూడు ప్రభుత్వ చమురు కంపెనీలకు డాలర్లు నేరుగా ఇచ్చే ప్రత్యేక ఏర్పాటు ప్రకటించింది. దేశంలో అతిపెద్ద కొనుగోలుదారులను మార్కెట్ నుంచి పక్కకు తప్పించడమే దాని ఉద్దేశం. చిన్న దిగుమతిదారుకు అలాంటి కిటికీ ఏ రాత్రీ తెరుచుకోదు.

కొనే రోజున బ్యాంకు వేసే మార్జిను కూడా తక్కువదేమీ కాదు. రిఫరెన్స్ రేటు ఒకటి, బ్యాంకు మనకు అమ్మే రేటు ఇంకొకటి. డాలరుకు ఇరవై పైసల తేడా ఉన్నా లక్ష డాలర్లకు ఇరవై వేలు. ఈ మొత్తం మారకం నష్టంలోనే కలిసిపోయి కనిపిస్తుంది కనుక చాలామంది దాన్ని విడిగా చూడరు. డాలరు పెరగడం ఎవరి చేతిలోనూ లేదు, మార్జిను మాత్రం బేరం ఆడదగ్గది. చిన్న కొనుగోలుదారులు మార్కెట్ ధరకు డాలర్లు కొనుక్కుని, బ్యాంకుకు ముందే ఒప్పుకున్న రుసుము ఇచ్చే ఎఫ్ఎక్స్-రిటైల్ అనే వేదికను క్లియరింగ్ కార్పొరేషన్ 2019 ఆగస్టులో ప్రారంభించింది. బిల్లు చిన్నదైనా సరే, డబ్బు కట్టిన రోజు రిఫరెన్స్ రేటును పక్కన రాసుకుని బ్యాంకు రేటుతో పోల్చుకుంటే తన బ్యాంకు ఎంత తీసుకుంటోందో వ్యాపారికి నాలుగైదు బిల్లుల్లోనే తెలిసిపోతుంది.

అదే వ్యాపారి విదేశాలకు కూడా సరుకు అమ్ముతుంటే చిక్కు సగం తీరినట్టే. వచ్చే డాలర్లతోనే ఇవ్వాల్సిన డాలర్లు తీర్చుకోవచ్చు. ఒకవైపు నష్టం వస్తే మరోవైపు లాభం వస్తుంది. హైదరాబాదు మందుల కంపెనీల్లో ఎగుమతులు బలంగా ఉన్నవాటికి రూపాయి పతనం అంతగా కుట్టకపోవడానికి కారణం ఇదే. చైనా ముడి సరుకు తెచ్చి దేశంలోనే అమ్ముకునేవాడికి ఆ వెసులుబాటు లేదు. అందుకే బ్యాంకులు అప్పులిచ్చేటప్పుడు, రక్షణ తీసుకోని డాలరు బాకీలు ఎన్ని ఉన్నాయో చెప్పమని దిగుమతిదారులను అడుగుతాయి. ఆ అంకె పెద్దదైతే బ్యాంకు తన వంతుగా అదనపు కేటాయింపు పెట్టుకోవాలి, దాని భారం చివరికి అప్పు తీసుకున్నవాడి వడ్డీలోనే తేలుతుంది.

బిల్లునే రూపాయల్లో రాయించుకుంటే ఈ గొడవే ఉండదు కదా అన్న ప్రశ్న ఎప్పుడూ ఉన్నదే. మన ఉదాహరణలోని వ్యాపారి డబ్బు కట్టడానికి నాలుగు రోజుల ముందు, 2022 జూలై 11న, దిగుమతి ఎగుమతులను రూపాయల్లో పరిష్కరించుకునే ఏర్పాటును రిజర్వు బ్యాంకు ప్రకటించింది. విదేశీ బ్యాంకు మన బ్యాంకులో ప్రత్యేక రూపాయి వోస్ట్రో ఖాతా తెరుస్తుంది, దిగుమతిదారు ఆ ఖాతాలో రూపాయలే జమ చేస్తాడు. అలా బిల్లు రాయడానికి ఒప్పుకున్న సప్లయరు మారకం భయాన్ని తన నెత్తిన వేసుకుంటాడు, దానికి తగ్గట్టు ధర కూడా పెంచుతాడు. లక్ష డాలర్ల సరుకుకు అతను 76 లక్షల 30 వేలకన్నా ఎక్కువ అడిగితే డాలరు బిల్లే రాయించుకుని బ్యాంకు దగ్గర ఫార్వర్డ్ తీసుకోవడం మేలు, తక్కువకు ఇస్తే రూపాయి బిల్లు మేలు.